ఒకే బాండ్‌కు మూడు ఈల్డ్‌లు: 7.18% ప్రభుత్వ బాండ్ 2033 మీద ఒక కేస్ స్టడీ

రిటైరైన లెక్చరర్ ఒకాయన రిజర్వ్ బ్యాంక్ రిటైల్ డైరెక్ట్ పోర్టల్‌లో తనంతట తానే ఒక కేంద్ర ప్రభుత్వ బాండ్ కొన్నారు. శుక్రవారం ఆర్డర్ పడింది, సోమవారం సెటిల్‌మెంట్. మధ్యలో దొరికిన రెండు రోజుల సెలవుల్లో ఎక్సెల్‌లో లెక్క వేసి చూసుకుని టెన్షన్ పడ్డారు. "ఏమ్మా, స్క్రీన్ మీద ఈల్డ్ 6.56 అని చూపించింది. నా షీట్‌లో 6.24 వస్తోంది. మా బావమరిదేమో 6.92 అంటున్నాడు. ఇందులో నాకు వచ్చేది ఎంత?" అని ఫోన్ చేశారు. షీట్ పంపమన్నాను. ఈల్డ్ అంటే పెట్టిన డబ్బు మీద ఏడాదికి వచ్చే రాబడి శాతం.

బాండ్ల విషయంలో నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం చివరికి ఇక్కడికే చేరతాయి. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. ఆయన ఎవరో తెలియకుండా ఉండేందుకు మొత్తాన్ని, ధరను మార్చాను. బాండ్ మాత్రం నిజమైనదే, తేదీలూ ఆ బాండ్ తేదీలే.

బాండ్ పేరు 7.18% జీఎస్ 2033. 2023 ఆగస్టు 14న పదేళ్ల బాండ్‌గా జారీ అయింది, 2033 ఆగస్టు 14న మెచ్యూర్ అవుతుంది. ఏటా ఫిబ్రవరి 14న, ఆగస్టు 14న కూపన్, అంటే వడ్డీ చెల్లింపు, వస్తుంది. 100 రూపాయల ముఖ విలువకు ఒక్కో కూపన్ 7.18లో సగం, అంటే 3.59. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తీసుకునే మార్కెట్ రుణాలకు కూడా వడ్డీ ఇలాగే ఆరు నెలలకోసారి వస్తుంది కాబట్టి ఇదే లెక్క వాటికీ సరిపోతుంది.

మాస్టారు 10 లక్షల ముఖ విలువ కొన్నారు. ధర 103.70. సెటిల్‌మెంట్ తేదీ 2025 నవంబర్ 24. ఖాతాలోంచి పోయింది మాత్రం 10,37,000 కాదు, 10,56,944. గందరగోళం మొదలైంది ఆ 19,944 రూపాయల దగ్గరే.

పేరుకున్న వడ్డీ

చివరి కూపన్ ఆగస్టు 14న పాత యజమానికి వెళ్లింది. తర్వాతి కూపన్ ఫిబ్రవరి 14న పూర్తిగా 35,900 రూపాయలు మాస్టారి ఖాతాలో పడుతుంది. ఆ ఆరు నెలల్లో ఆగస్టు 14 నుంచి నవంబర్ 24 దాకా బాండ్ పాత యజమాని చేతిలోనే ఉంది. అద్దెకిచ్చిన ఇంటిని నెల మధ్యలో అమ్మితే ఆ నెల అద్దెను రోజుల లెక్కన పంచుకున్నట్టే, ఇక్కడ కూడా పాత యజమాని వాటా వడ్డీని కొనేవాళ్లు ముందే ఇచ్చేస్తారు.

మన ప్రభుత్వ బాండ్లకు రోజుల లెక్క 30/360. ప్రతి నెలకూ 30 రోజులు, ఏడాదికి 360. ఆగస్టు 14 నుంచి నవంబర్ 14 దాకా మూడు నెలలు, అంటే 90 రోజులు. మరో పది కలిపితే 100. కాబట్టి 100 రూపాయలకు పేరుకున్న వడ్డీ 7.18 × 100 / 360 = 1.9944. పది లక్షలకు 19,944 రూపాయల 44 పైసలు. పోర్టల్ చూపిన మొత్తంతో పైసాతో సహా సరిపోయింది.

క్యాలెండర్ చూసి లెక్కపెడితే ఆ మధ్య 102 రోజులు ఉన్నాయి. 102/365 అని లెక్క వేస్తే 20,065 వస్తుంది. మీ లెక్కకూ డీల్ స్లిప్‌కూ ఇలా వంద, నూట ఇరవై రూపాయల తేడా కనిపిస్తే ముందు రోజుల లెక్కనే అనుమానించండి. ట్రెజరీ బిల్లులకు 365 వాడతారు కాబట్టి వాటికి అలవాటుపడినవాళ్లు ఇక్కడ తడబడుతుంటారు.

మార్కెట్లో చెప్పే 103.70ని క్లీన్ ప్రైస్ అంటారు, వడ్డీ కలిపిన 105.6944ని డర్టీ ప్రైస్ అంటారు. క్లీన్ ప్రైస్ చెప్పడానికి మంచి కారణమే ఉంది. మార్కెట్ ఈల్డ్ కదలకపోయినా డర్టీ ప్రైస్ రోజూ కొంచెం పెరుగుతూ పోయి, కూపన్ రోజున ఒక్కసారిగా 3.59 పడిపోతుంది. అదే ధర చెబితే బాండ్ విలువ నిజంగా మారిందో, వడ్డీ పేరుకుందో తెలియదు.

మాస్టారి షీట్‌లో జరిగింది

ఆయన రాసిన ఫార్ములా ఇది:

```
=YIELD(DATE(2025,11,24),DATE(2033,8,14),7.18%,105.6944,100,2,4)
```

ఖాతాలోంచి పోయిన మొత్తాన్ని పది వేలతో భాగించి, వచ్చిన 105.6944ని ధరగా పెట్టారు. "నేను కట్టింది అంతే కదమ్మా" అన్నారు. ఆ మాట నిజమే. కానీ ఈ ఫంక్షన్ అడిగేది క్లీన్ ప్రైస్. పేరుకున్న వడ్డీని అది తనే లెక్క వేసి ధరకు కలుపుకుంటుంది. కాబట్టి మాస్టారి షీట్ 1.9944ని రెండోసారి కలిపి, ఆయన 107.69 కట్టారనుకుని లెక్క వేసింది. అలా వచ్చిందే 6.24. ధర స్థానంలో 103.70 పెడితే 6.5593 వస్తుంది.

ఒక్క గడిలో పొరపాటుకు 32 బేసిస్ పాయింట్లు, అంటే 0.32 శాతం, తేడా వచ్చింది. ఆయన పెట్టుబడి మీద ఇది ఏడాదికి సుమారు 3,400 రూపాయలతో సమానం. చివరి కూపన్ తేదీ నుంచి ఎంత దూరంగా కొంటే ఈ తప్పు అంత పెద్దదిగా కనిపిస్తుంది. కూపన్ తేదీ నాడే కొంటే పేరుకున్న వడ్డీ సున్నా కాబట్టి ఈ తప్పు అసలు బయటపడదు. షీట్ ఒకసారి సరైన సమాధానం ఇచ్చిందని ఎప్పుడూ ఇస్తుందనుకోవడానికి లేదు.

బావమరిది చెప్పిన 6.92 ఇంకో రకం. 7.18ని 103.70తో భాగిస్తే వచ్చేది అదే. దాన్ని కరెంట్ ఈల్డ్ అంటారు. 103.70 పెట్టి కొన్న బాండ్‌కు చివర్లో 100 మాత్రమే తిరిగి వస్తుందన్న సంగతి ఆ లెక్కలో లేదు. ముఖ విలువ కంటే ఎక్కువ పెట్టి కొన్న ప్రతి బాండ్‌కూ కరెంట్ ఈల్డ్ అసలు రాబడి కంటే ఎక్కువే చూపిస్తుంది.

ఎక్సెల్ లేకుండా 6.56 ఎలా వస్తుంది

మాస్టారు లెక్కల మనిషి. ఫంక్షన్ పేరు చెబితే సరిపెట్టుకోరు, లోపల ఏం జరుగుతోందో చూపించమన్నారు. నాకూ అదే నచ్చుతుంది.

2026 ఫిబ్రవరి నుంచి 2033 ఆగస్టు దాకా ఇంకా 16 కూపన్లు ఉన్నాయి. ఒక్కోదాన్ని ఇవాళ్టి విలువకు తెచ్చి కూడితే డర్టీ ప్రైస్ రావాలి. అలా వచ్చేలా చేసే రేటే ఈల్డ్ టు మెచ్యూరిటీ, ఫార్ములాలో అది y.

```
103.70 + 1.9944 = Σ 3.59/(1+y/2)^(k-1+w) + 100/(1+y/2)^(15+w)
k = 1…16,  w = 80/180
```

ఇక్కడ గమనించాల్సింది w. మొదటి కూపన్‌కు ఇంకా 80 రోజులే ఉంది. ఆరు నెలల కాలంలో అది 180లో 80 వంతులు, అంటే 0.4444. రెండో కూపన్ 1.4444 కాలాల దూరంలో ఉంది, చివరిది 15.4444 కాలాల దూరంలో. డిస్కౌంట్ చేసేది సగం రేటుతో, లెక్కపెట్టేది ఆరు నెలల కాలాలను. ఏడాది రేటుతో నేరుగా డిస్కౌంట్ చేయడం, ఏడాదుల లెక్క ఈ ఫార్ములాలో ఎక్కడా రావు.

సగం రేటు 3.28 శాతం అనుకుంటే ఫిబ్రవరిలో వచ్చే 3.59 విలువ ఇవాళ 3.54. చివర్లో అసలుతో కలిసి వచ్చే 103.59 విలువ 62.93. మొత్తం 105.69లో దాదాపు 63 రూపాయలు ఆ చివరి ఒక్క చెల్లింపు నుంచే వస్తున్నాయి. ఈల్డ్ కొంచెం కదిలితే ధర అంత కదలడానికి కారణం దూరంగా ఉన్న ఆ పెద్ద మొత్తమే.

ఈ సమీకరణాన్ని తిప్పి y ఇంత అని నేరుగా రాయడం కుదరదు. ఒక రేటు ఊహించి ధర కట్టాలి, చూసి సరిదిద్దుకోవాలి. ఎక్సెల్ లోపల చేసేదీ అదే. మొదటి ఊహకు నేను పాత పద్ధతే వాడతాను. ఏడాది కూపన్ 7.18. మిగిలిన కాలం 7.72 ఏళ్లలో 3.70 రూపాయలు పోతుంది కాబట్టి ఏడాదికి 0.479 తీసేయాలి. మిగిలిన 6.70ని 103.70, 100ల సగటైన 101.85తో భాగిస్తే 6.58 శాతం వస్తుంది. అసలు సమాధానానికి రెండు బేసిస్ పాయింట్ల దూరంలోనే ఉన్నాం. ముఖ విలువకు దగ్గరగా ఉన్న బాండ్లకు ఈ ఊహ బాగా పనిచేస్తుంది. ధర 70కో 130కో పోయిన బాండ్లకు దీన్ని నమ్మకండి.

ఇప్పుడు అటూ ఇటూ ఒక్కో రేటు తీసుకుని ధర కడదాం. దీనికి ఒక సులువైన దారి ఉంది. ముందు చివరి కూపన్ తేదీ అయిన ఆగస్టు 14 నాటి ధర కట్టాలి. ఆ రోజుకు సరిగ్గా 16 కాలాలు ఉంటాయి కాబట్టి సమాన వాయిదాలకు వాడే మామూలు యాన్యుటీ ఫార్ములా చాలు. 6.60 శాతానికి, అంటే కాలానికి 3.30 చొప్పున, 16 కూపన్ల విలువ 44.0773, అసలు విలువ 59.4833, మొత్తం 103.5606. ఈ మొత్తాన్ని 100 రోజులు ముందుకు తీసుకురావాలి. 1.033ని 100/180 ఘాతానికి తీసుకెళ్తే 1.018201. రెండూ గుణిస్తే 105.4455, అది డర్టీ ప్రైస్. పేరుకున్న 1.9944 తీసేస్తే క్లీన్ ప్రైస్ 103.4510.

ఇలాగే 6.50 శాతానికి కడితే 104.0637 వచ్చింది. పది బేసిస్ పాయింట్లకు 61.27 పైసలు. మాస్టారి ధర 103.70, అంటే 6.60 దగ్గర వచ్చిన ధర కంటే 24.90 పైసలు ఎక్కువ. 24.90ని 61.27తో భాగించి పదితో గుణిస్తే 4.06. కాబట్టి ఈల్డ్ సుమారు 6.5594.

సరిచూడ్డానికి 6.56 దగ్గర మళ్లీ ధర కట్టాం. 103.6955 వచ్చింది, కావలసినదానికి అర పైసా తక్కువ. ఒక బేసిస్ పాయింట్ విలువ ఆరు పైసలు కాబట్టి ఈల్డ్ ఇంకో రవ్వ తగ్గాలి. చివరికి 6.5593 తేలింది. ధర, ఈల్డ్ మధ్య గీత తిన్నగా కాకుండా కొంచెం వంగి ఉంటుంది కాబట్టి రెండు బిందువుల మధ్య సరళరేఖ గీస్తే సమాధానం ఎప్పుడూ కాస్త ఎక్కువే వస్తుంది. పది బేసిస్ పాయింట్ల దూరంలో ఆ తేడా పట్టించుకోదగ్గది కాదు. వంద పాయింట్ల దూరంలో మాత్రం తెలుస్తుంది.

కనపడకుండా దాక్కునే తప్పు

షీట్ చూస్తూ మాస్టారు ఒక ప్రయోగం చేశారు. కూపన్ ఏడాదికి ఎన్నిసార్లో చెప్పే చోట 2 తీసి 1 పెట్టారు, ధర 103.70 అలాగే ఉంచారు. 6.55 వచ్చింది. "ఒక్క పాయింటే తేడా. అయితే రెండుసార్లు ఇస్తే ఏంటి, ఒక్కసారి ఇస్తే ఏంటి?" అన్నారు.

ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే దీన్ని చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లే ఎక్కువ. 100కే దొరికే బాండ్‌ను ఆగస్టు కూపన్ రోజున కొంటే, ఏడాదికోసారి ఇచ్చినా రెండుసార్లు ఇచ్చినా ఫంక్షన్ 7.18 అనే చూపిస్తుంది. ధర 100కు దగ్గరగా ఉన్నంతకాలం రెండు సమాధానాలూ పక్కపక్కనే ఉంటాయి. అంకె ఒకేలా ఉన్నా దాని అర్థం వేరు. ఏడాదికోసారి లెక్కలో 6.55 అంటే ఏడాది తిరిగేసరికి 6.55 శాతం. ఆరు నెలల లెక్కలో 6.5593 అంటే ఆరు నెలలకు 3.27965 శాతం చొప్పున రెండుసార్లు. మధ్యలో వచ్చిన వడ్డీ మీద వడ్డీ కలిపితే ఏడాదికి 6.67 శాతం. అసలు తేడా 12 పాయింట్లు.

ఇదే తప్పు ఫిబ్రవరి కూపన్ దాటాక చేస్తే ఇంకా ఘోరంగా ఉంటుంది. మే నెలలో కొని ఫ్రీక్వెన్సీ 1 పెడితే, ఫిబ్రవరి కూపన్ రాలేదనుకుని ఆగస్టు నుంచి తొమ్మిది నెలల వడ్డీ పేరుకున్నట్టు లెక్క కడుతుంది. దీన్ని పట్టుకోవడం సులువే. ఈ బాండ్‌కు పేరుకున్న వడ్డీ ఎన్నడూ 3.59 దాటకూడదు. దాటితే ఫ్రీక్వెన్సీ తప్పు పెట్టినట్టే.

సెలవు రోజుల సంగతి

2026 ఫిబ్రవరి 14 రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. కూపన్ తర్వాతి పని దినాన వస్తుంది. ఆ ఆలస్యానికి అదనపు వడ్డీ ఉండదు. 2033 ఆగస్టు 14 ఆదివారం, ముందు రోజు రెండో శనివారం. మెచ్యూరిటీ సెలవు రోజున పడితే డబ్బు అంతకు ముందరి పని దినానే ఇచ్చేస్తారు. ఈల్డ్ లెక్క వీటన్నింటినీ పక్కన పెట్టి, ప్రతి చెల్లింపూ 14నే వస్తుందనుకుంటుంది. అందరూ అలాగే లెక్క వేస్తారు కాబట్టి స్క్రీన్ మీది అంకెతో పోల్చేటప్పుడు మీరూ అలాగే వేయండి.

ఎఫ్‌డీతో పోలిక

మాస్టారి టెన్షన్‌కు అసలు కారణం ఇది. ఆయన బ్యాంకు 6.50 శాతానికి ఎఫ్‌డీ ఇస్తానంది, వడ్డీ మూడు నెలలకోసారి. 6.24 చూసి ఎఫ్‌డీ వదిలేసి తప్పు చేశాననుకున్నారు.

రెండింటినీ ఒకే భాషలోకి తేవాలి. మూడు నెలలకు 1.625 శాతం చొప్పున రెండుసార్లు వస్తే ఆరు నెలలకు 3.2764 శాతం, రెట్టింపు చేస్తే 6.5528. బాండ్ 6.5593. తేడా ఒక బేసిస్ పాయింట్ కూడా లేదు. ఏడాది రాబడిగా చెప్పుకుంటే ఎఫ్‌డీ 6.66, బాండ్ 6.67. రాబడి విషయంలో రెండూ సమానమే. ఎంచుకోవాల్సింది ఇతర కారణాలతో: బాండ్ మీద ఈ రేటు 2033 దాకా ఖాయం, కానీ మధ్యలో అమ్మాల్సి వస్తే ఆనాటి మార్కెట్ ధరకే అమ్మాలి. పది లక్షల్లాంటి చిన్న మొత్తానికి ఆ ధర కొంచెం తక్కువే పలుకుతుంది. కంపెనీల బాండ్లను కూడా చూసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కంపెనీ బాండ్ల ఈల్డ్‌ను సాధారణంగా ఏడాది లెక్కన చెబుతారు, రోజుల లెక్క కూడా వేరు. వాటి అంకెను ఈ 6.56 పక్కన నేరుగా పెట్టకూడదు.

మాస్టారికి నేను చెప్పిన చివరి విషయం ఆయన ఖర్చులకు సంబంధించింది. ఈల్డ్ టు మెచ్యూరిటీ వచ్చిన ప్రతి కూపన్‌నూ అదే రేటుకు మళ్లీ పెట్టుబడి పెడతారనుకునే చెబుతుంది. ఆయన ఉద్దేశం అది కాదు, కూపన్లతో ఇల్లు గడుపుకోవాలని. అలాంటప్పుడు ఒక్కో కూపన్‌లో వడ్డీ ఎంత, అసలు ఎంత అన్నది విడదీసి చూడాలి.

6.56 దగ్గరే లెక్క వేస్తే ఫిబ్రవరి కూపన్ అందాక బాండ్ విలువ 103.627 ఉంటుంది. తర్వాతి ఆరు నెలలకు దాని మీద 3.28 శాతం అంటే 3.399. ఆగస్టులో చేతికొచ్చేది 3.59. పది లక్షల మీద చూస్తే 35,900లో 33,990 వడ్డీ, మిగిలిన 1,910 ముఖ విలువ కంటే ఎక్కువగా ఆయన కట్టిన ప్రీమియంలో కొంత వెనక్కి రావడం. ఈ రెండో భాగం ఒక్కో కూపన్‌కూ కొంచెం పెరుగుతూ చివరి కూపన్ నాటికి సుమారు 3,000కు చేరుతుంది. అన్నీ కూడితే 36,269. ఆగస్టు 2033లో 10 లక్షలు మాత్రమే వచ్చినప్పుడు తగ్గినట్టు కనిపించే డబ్బు ఇదే.

"అయితే ఇది మొత్తం ఖర్చు పెట్టేసుకోకూడదన్నమాట" అన్నారు. 2026 ఆగస్టు కూపన్ నుంచి మొదలుపెట్టి ఒక్కోదాంట్లో ఎంత పక్కన పెట్టాలో షీట్‌లో ఒక నిలువు వరుస అదనంగా వేసి పంపాను. ఫిబ్రవరి కూపన్ సంగతి వేరుగా రాశాను: ఆ 35,900లో 19,944 ఆయన నవంబర్‌లో పాత యజమానికి ముందే కట్టింది. మిగిలేది 15,956, అందులోనూ సుమారు 700 ప్రీమియం వెనక్కి రావడమే.